అద్దె అమ్మది... టీడీఎస్ అబ్బాయిది!

పోయిన ఏడాది ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున్నే ఉదయగిరి నుంచి పిన్ని ఫోన్ చేసింది. “అబ్బయా, మీ తమ్ముడు నా మీద అరస్తా ఉండాడు. ఆత్మకూరు షాపు అద్దె వల్ల వాడికి ట్యాక్స్ పడిందంట. అద్దె నాది, వాడికెందుకు పడతాది?”

ప్రశ్న చిన్నదే. సమాధానానికి మాత్రం మూడు నెలలు పట్టింది. ఇలాంటిది మీ ఇంట్లో కూడా ఉండొచ్చు కాబట్టి ఈ వారం దాని గురించే. ఎందుకంటే ఇంట్లో ఎవరు “పాన్ నంబర్ పంపండి” అని అడిగినా, ఫోన్ చేతిలో ఉన్నది మీరే. గ్యాలరీలో రెడీగా ఉండేది మీ పాన్ కార్డు ఫొటోనే. అమ్మ పాన్ కార్డు ఎక్కడో బీరువాలో, పట్టుచీరల కింద ఉంటుంది.

మా తమ్ముడు సరిగ్గా అదే చేశాడు.

అసలేం జరిగింది?

ఆత్మకూరులో పిన్ని పేరు మీద ఒక షాపు ఉంది. రిజిస్ట్రేషన్ ఆమె పేరు మీదే, ఇంటి పన్ను రసీదు కూడా ఆమె పేరు మీదే. 2024 ఏప్రిల్ నుంచి దాన్ని ఒక కంపెనీ షోరూమ్‌కి అద్దెకిచ్చారు. నెలకు 30,000. అగ్రిమెంటు మీద సంతకం పిన్నిదే. తర్వాత కంపెనీ వాళ్లు వాట్సాప్‌లో ఒక ఫారం పంపి పాన్, బ్యాంకు ఖాతా వివరాలు అడిగారు. బెంగళూరులో ఆఫీసులో ఉన్న తమ్ముడు లంచ్ టైములో తన పాన్, తన ఖాతా నంబరు నింపి పంపేశాడు. ప్రతి నెలా అద్దె వాడి ఖాతాలో పడేది, అదే రోజు వాడు అమ్మకు ఫోన్‌పే చేసేవాడు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బంది లోపల పెరుగుతూ వచ్చింది. ఆ ఏడాది రూల్ ప్రకారం, ఒక కంపెనీ ఏడాదిలో 2,40,000 దాటి అద్దె కడితే 194-ఐ సెక్షన్ కింద పది శాతం టీడీఎస్ కోయాలి. పిన్ని షాపు అద్దె ఏడాదికి 3,60,000. కంపెనీ 36,000 కోసి ప్రభుత్వానికి కట్టింది. తప్పేం లేదు. కానీ ప్రతి మూడు నెలలకూ వేసే 26క్యూ అనే టీడీఎస్ రిటర్నులో, ఈ పన్ను ఎవరిది అనే గడిలో తమ్ముడి పాన్ పడింది. అంతే, ఆదాయ పన్ను శాఖ కంప్యూటరుకు ఆ అద్దె తమ్ముడిదే, ఆ 36,000 కూడా తమ్ముడిదే.

తప్పు పాన్ ఖరీదు ఎంత?

“ఇంట్లోనే కదా, ఎవరి పేరు మీద ఉంటే ఏంది?” అని తమ్ముడు మొదట అన్నాడు. లెక్క వేసి చూపించాక మళ్లీ ఆ మాట అనలేదు.

చట్టం ప్రకారం భవనం అద్దె ఆ భవనం యజమాని ఆదాయం. పిన్నికి ఏడాది అద్దె 3,60,000. అందులో మరమ్మతుల కింద 30 శాతం, అంటే 1,08,000 తీసేస్తే మిగిలింది 2,52,000. ఆమెకు వేరే ఆదాయం లేదు. ఆ సంవత్సరం కొత్త విధానంలో 3 లక్షల వరకు పన్నే లేదు. అంటే ఆమె కట్టాల్సింది సున్నా, వెనక్కి రావాల్సింది పూర్తి 36,000.

ఇప్పుడు అదే అద్దెను తమ్ముడి ఆదాయంలో కలుపుదాం. స్టాండర్డ్ డిడక్షన్ పోను వాడి జీతం 10 లక్షలు. దాని మీద 2,52,000 చేరితే, మొదటి 2 లక్షల మీద 15 శాతం, అంటే 30,000. మిగిలిన 52,000 మీద 20 శాతం, అంటే 10,400. దానికి నాలుగు శాతం సెస్సు కలిపితే మొత్తం 42,016. కోసిన 36,000 పోను ఇంకా 6,016 వాడే ఎదురు కట్టాలి. అంటే ఒక్క గడిలో తప్పు పాన్ వల్ల ఆ ఇంటికి పడే బొక్క 42,016 రూపాయలు.

ఇంకో సంగతి కూడా ఉంది. పిన్నికి 62 ఏళ్లు. ఏడాది మొత్తం పన్ను సున్నా అని తెలిసినప్పుడు, ఆ ఏడాది రూల్ ప్రకారం సీనియర్ సిటిజన్ అద్దె మీద కూడా 15హెచ్ ఫారం ఇవ్వగలిగేవాళ్లు. మొదటి రోజే ఆమె పాన్ ఇచ్చి, దాంతోపాటు 15హెచ్ ఇచ్చి ఉంటే ఒక్క రూపాయి కూడా కోసేవాళ్లు కాదు.

చాలామంది చేసే మూడు తప్పులు

మొదటిది: తమ్ముడు ఆ 36,000 టీడీఎస్‌ని తన రిటర్నులో చూపించి, అద్దెను మాత్రం వదిలేయడం. “పన్ను నా పేరు మీదుంది, తీసేసుకుందాం, అమ్మకిచ్చేద్దాం” అనే ఆలోచన. ఆదాయం చూపించకుండా దాని మీద కోసిన పన్ను అడిగితే సిస్టమ్ పట్టేస్తుంది, నోటీసు వస్తుంది.

రెండోది: పిన్ని తన రిటర్నులో నేరుగా 36,000 క్లెయిమ్ చేయడం. ఆమె 26ఏఎస్‌లో ఆ ఎంట్రీయే లేదు. బెంగళూరులోని సీపీసీ రిటర్ను ప్రాసెస్ చేసేటప్పుడు పాన్ నంబరుతోనే సరిచూస్తుంది. అద్దె ఆదాయం ఒప్పుకుంటుంది, టీడీఎస్ మాత్రం సున్నా చేస్తుంది.

మూడోది: ఏఐఎస్‌లో ఫీడ్‌బ్యాక్ ఇచ్చేసి పని అయిపోయింది అనుకోవడం. తమ్ముడి ఏఐఎస్‌లో ఆ అద్దె పక్కన `Information relates to other PAN/Year` అనే ఆప్షన్ ఉంటుంది. అది నొక్కాలి, తప్పకుండా నొక్కాలి. “ఇది నా ఆదాయం కాదు” అని వాడు ముందే చెప్పినట్టు రికార్డు ఉంటుంది. కానీ ఆ బటన్ నొక్కితే టీడీఎస్ క్రెడిట్ పిన్ని పాన్‌లోకి వెళ్లదు. తమ్ముడు అదే నొక్కి రెండు వారాలు ఎదురుచూశాడు.

మరి ఎవరు మార్చాలి? తప్పు గడి నింపింది కంపెనీ. మార్చగలిగేది కూడా కంపెనీయే. నెల్లూరు ఐటీ ఆఫీసుకు బస్సెక్కి వెళ్లినా, కంపెనీ దిద్దుబాటు రిటర్ను వేయకుండా 26ఏఎస్‌లో పేరు మారదు.

ముందు రోగం ఏదో చూడండి

తమ్ముడు incometax.gov.in లో లాగిన్ అయి, `e-File` లో `Income Tax Returns`, దాని కింద `View Form 26AS` నొక్కాడు. అక్కడి నుంచి ట్రేసెస్ సైటుకు వెళ్తుంది. అందులో కంపెనీ పేరు, దాని ట్యాన్ నంబరు, సెక్షన్, తేదీలు, అద్దె మొత్తం, కోసిన పన్ను, అన్నీ లైను లైనుగా కనిపించాయి. ప్రతి మూడు నెలలకూ 90,000 అద్దె, 9,000 పన్ను. పక్కన బుకింగ్ స్టేటస్ `F`. అంటే పన్ను ప్రభుత్వ ఖాతాలో చేరి లెక్క సరిపోయింది. డబ్బు ఎక్కడికీ పోలేదు, తప్పు పాన్ కింద ఉంది, అంతే.

ఇక్కడ ఒక చిన్న కిటుకు. పాన్‌లో పది అక్షరాలుంటాయి. చివరిది తనిఖీ అక్షరం. టైప్ చేసేటప్పుడు ఒక అంకె తప్పు పడితే, మామూలుగా అది ఎవరి పాన్ కూడా కాకుండా చెల్లని పాన్ అవుతుంది. అప్పుడు ఎంట్రీ ఎవరి 26ఏఎస్‌లోనూ కనిపించదు. అలా కాకుండా ఇంకో మనిషి పాన్ కింద చక్కగా కనిపిస్తోందంటే, సాధారణంగా అది టైపింగ్ తప్పు కాదు. ఎవరో ఆ పాన్ ఇచ్చారు, లేదా కంపెనీ తన లిస్టులో వేరే మనిషిని ఎంచుకుంది. ఈ తేడా ఎందుకంటే, చెల్లని పాన్‌ను సరిచేయడం కంపెనీకి సులువు. చెల్లే పాన్ నుంచి ఇంకో చెల్లే పాన్‌కు మార్చడానికి డిజిటల్ సంతకం కావాలి, పైగా ఆ మార్పు ఒక్కసారే చేయనిస్తారు. అందుకే అకౌంటెంట్లు దీన్ని చూసి వెనకాడతారు.

కంపెనీకి ఏం రాయాలి?

పిన్ని షోరూమ్‌కి వెళ్లి మేనేజర్‌ని అడిగింది. ఆయన “పైన మాట్లాడండమ్మా” అన్నాడు. ఆయన చేతిలో నిజంగానే ఏమీ లేదు. టీడీఎస్ పని హెడ్డాఫీసు అకౌంట్స్ వాళ్లది. వాళ్ల మెయిల్ ఐడీ తీసుకొని ఈమెయిల్ పెట్టాం, అదే కాగితం స్పీడ్ పోస్టులో కూడా పంపాం.

దీనికి ఆ ఏడాదికి వర్తించే ఆదాయ పన్ను నిబంధనల్లో 37బీఏ అనే రూల్ ఉంది. కోసిన పన్ను తాలూకు ఆదాయం వేరొకరిదైతే, క్రెడిట్ ఆ వేరొకరికే ఇవ్వాలి అంటుంది అందులోని రెండో ఉపనిబంధన. దానికో షరతు ఉంది. ఎవరి పాన్ కింద కోశారో ఆ మనిషి కంపెనీకి ఒక డిక్లరేషన్ ఇవ్వాలి. అంటే కాగితం మీద సంతకం పెట్టాల్సింది పిన్ని కాదు, తమ్ముడు! చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. నష్టపోయినవాళ్లు ఉత్తరం రాస్తారు, కంపెనీ పక్కన పడేస్తుంది. తన పేరు మీదున్న క్రెడిట్‌ని వదులుకుంటున్నానని ఆ పేరున్న మనిషే చెప్పాలి కదా.

తమ్ముడు రాసింది ఇంగ్లీషులో, సారాంశం ఇది:

“మీ ట్యాన్ ఫలానా. 2024-25 ఆర్థిక సంవత్సరంలో ఆత్మకూరు షాపు అద్దె 3,60,000 మీద 36,000 టీడీఎస్ నా పాన్ కింద చూపించారు. ఆ షాపు యజమాని మా అమ్మ. అగ్రిమెంటు కూడా ఆమెతోనే ఉంది. ఆ అద్దె నా ఆదాయం కాదు, నా రిటర్నులో చూపించలేదు, ఆ టీడీఎస్‌ని నేను క్లెయిమ్ చేయలేదు, చేయను. కాబట్టి నాలుగు క్వార్టర్ల 26క్యూ రిటర్నుల్లో నా పాన్ తీసేసి మా అమ్మ పాన్ వేసి, ఆమె పేరు మీద 16ఏ ఇవ్వండి.”

కింద అమ్మ పేరు, చిరునామా, పాన్. ఒక పట్టికలో క్వార్టర్ల వారీగా అద్దె, పన్ను. జత చేసినవి: అగ్రిమెంటు కాపీ, రిజిస్ట్రేషన్ పత్రం మొదటి పేజీలు, ఇంటి పన్ను రసీదు, పిన్ని పాన్ కార్డు, తమ్ముడి 26ఏఎస్ పేజీ. వేరే కాగితం మీద పిన్ని సంతకంతో “ఈ అద్దె నాదే, నా రిటర్నులో చూపిస్తాను” అని రెండు ముక్కలు.

“నా రిటర్నులో చూపించలేదు” అనే మాట నిజమై ఉండాలి. మీరు ఇప్పటికే ఆ టీడీఎస్ క్లెయిమ్ చేసి ఉంటే ముందు రివైజ్డ్ రిటర్ను వేసి దాన్ని తీసేయండి. లేకపోతే కంపెనీ పాన్ మార్చాక, మీరు తీసుకున్న క్రెడిట్‌కు ఆధారం పోతుంది. ఆ డబ్బు కట్టమని డిమాండ్ మీకే వస్తుంది.

కంపెనీ వైపు ఏం చేస్తారు?

మూడో మెయిల్ తర్వాత హెడ్డాఫీసు నుంచి ఒకాయన ఫోన్ చేశారు. మంచిగానే మాట్లాడారు. “పాన్ మార్చడం ఒక్కసారే కుదురుతుంది సార్, తప్పు పడితే నా పీకకు చుట్టుకుంటుంది” అన్నారు. ఆయన భయంలో న్యాయముంది. అందుకే పిన్ని పాన్‌ని కార్డు ఫొటోతో పాటు టైప్ చేసి కూడా పంపాం, ఫోన్‌లో ఒక్కో అక్షరం చదివి వినిపించాం.

కంపెనీ ట్రేసెస్‌లో తన లాగిన్‌తో వెళ్లి, `Defaults` కింద `Request for Correction` లో సంవత్సరం, క్వార్టర్, ఫారం ఎంచుకొని రిక్వెస్ట్ పెట్టాలి. అది తెరుచుకున్నాక పాన్ కరెక్షన్ అనే విభాగంలో పాత పాన్ లైను ఎంచుకొని కొత్త పాన్ ఇచ్చి, డిజిటల్ సంతకంతో పంపాలి. ఒక్కో క్వార్టర్‌కు ఒక్కో రిక్వెస్ట్. నాలుగు క్వార్టర్లంటే నాలుగుసార్లు.

మాకు మొదట రెండే మారాయి. అక్టోబరులో పిన్ని 26ఏఎస్ చూస్తే 18,000 మాత్రమే ఉంది. ఆయన చివరి రెండు క్వార్టర్లు మర్చిపోయారు. మళ్లీ మెయిల్ పెట్టాం, ఇంకో రెండు వారాలు.

పని అయిందని ఎలా తెలుస్తుంది? రెండు పాన్‌లలోనూ చూడాలి. పాత పాన్ 26ఏఎస్‌లో ఆ ఎంట్రీకి ఎదురుగా మైనస్ గుర్తుతో ఇంకో లైను వచ్చి, మొత్తం సున్నా కావాలి. కొత్త పాన్‌లో అదే తేదీలతో, అదే మొత్తాలతో, `F` స్టేటస్‌తో కనిపించాలి. కంపెనీ ఇచ్చే 16ఏ కూడా ట్రేసెస్ నుంచి డౌన్‌లోడ్ చేసిందే అయ్యుండాలి, దాని మీద సర్టిఫికెట్ నంబరు ఉంటుంది. లెటర్‌హెడ్ మీద టైప్ చేసిచ్చిన “రివైజ్డ్ సర్టిఫికెట్” చేతికిస్తే తీసుకోకండి. 26ఏఎస్ మారకుండా దానికి విలువ లేదు.

రిటర్నుల సంగతి

తమ్ముడు సెప్టెంబరులో గడువులోపు తన జీతం మాత్రమే చూపించి రిటర్ను వేశాడు. అద్దె చూపించలేదు, దాని టీడీఎస్ ముట్టుకోలేదు. పిన్ని ఆగింది. ఆమె ఆదాయం పన్ను పరిధి కన్నా తక్కువ, 60 దాటిన వయసు, కోసిన పన్ను 50,000 లోపు. కాబట్టి ఆమె గడువులోపు తప్పనిసరిగా వేయాల్సిన పని లేదు. 60 లోపు వాళ్లకు మాత్రం ఈ వెసులుబాటు లేదు. ఏడాదిలో 25,000, ఆపైన టీడీఎస్ కోసి ఉంటే ఆదాయం తక్కువైనా గడువులోపు రిటర్ను వేయాల్సిందే.

నవంబరులో నాలుగు క్వార్టర్లూ వచ్చాక పిన్ని రిటర్ను వేశాం. ఉదయగిరిలో ఉండే ఇల్లు, ఆత్మకూరు షాపు, రెండు ఆస్తులు కాబట్టి ఐటీఆర్-2. ఆలస్యంగా వేసే రిటర్నుకు ఆ ఏడాది ఆఖరు తేదీ 2025 డిసెంబరు 31. అది కూడా దాటిపోతే? అప్‌డేటెడ్ రిటర్ను వేద్దాం అనుకోకండి, రీఫండ్ అడగడానికి అది పనికిరాదు. అప్పుడు ఆలస్యాన్ని మన్నించమని 119(2)(బీ) కింద ప్రిన్సిపల్ కమిషనర్‌కు అర్జీ పెట్టుకోవాలి. 2024 అక్టోబరు 1న వచ్చిన సర్క్యులర్ ప్రకారం అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక ఐదేళ్ల లోపు పెట్టుకోవచ్చు.

ఒకవేళ అమ్మ రిటర్ను ముందే వేసి, టీడీఎస్ సున్నా చేసి ఇంటిమేషన్ వచ్చేసి ఉంటే కొత్త రిటర్ను అక్కర్లేదు. కంపెనీ పాన్ మార్చాక, పోర్టల్‌లో `Services` కింద `Rectification` లోకి వెళ్లి మళ్లీ ప్రాసెస్ చేయమని అడిగితే చాలు.

కంపెనీ కదలకపోతే?

అప్పుడు రిటర్నులోనే ఒక దారి ఉంది. ఐటీఆర్-2లో టీడీఎస్ పట్టికలో, ఈ క్రెడిట్ మీదా లేక వేరొకరిదా అని అడిగే గడి ఉంటుంది. అమ్మ తన రిటర్నులో “వేరొకరు” అని ఎంచుకొని కొడుకు పాన్, కంపెనీ ట్యాన్ ఇచ్చి 36,000 అడగాలి, అద్దె ఆదాయం చూపించాలి. కొడుకు తన రిటర్నులో అదే 36,000 చూపించి, తన చేతిలో క్లెయిమ్ సున్నా, 37బీఏ(2) కింద వేరొకరి చేతిలో 36,000 అని నింపి అమ్మ పాన్ ఇవ్వాలి. ఐటీఆర్-1లో ఈ గడులు లేవు, అందుకే ఇద్దరూ ఐటీఆర్-2 వేయాలి. రెండు రిటర్నులూ ఒకదానికొకటి సరిపోవాలి. కంపెనీ దిద్దుబాటంత గట్టి దారి కాదిది. సీపీసీ ఒప్పుకోకపోతే రెక్టిఫికేషన్, ఆ తర్వాత అప్పీలు దాకా వెళ్లాల్సి రావచ్చు.

అప్పీలులో చెప్పుకోడానికి మన దగ్గరే ఒక తీర్పుంది. భూరత్నం అండ్ కో అనే సంస్థ కేసు, 2013లో అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తేల్చింది. కాంట్రాక్టు పని ఆదాయాన్ని ఆ సంస్థ తన లెక్కల్లో చూపించింది. టీడీఎస్ సర్టిఫికెట్లు మాత్రం జాయింట్ వెంచర్ పేరు మీద, డైరెక్టర్ల పేర్ల మీద ఉన్నాయి. పేరు వేరు కాబట్టి క్రెడిట్ ఇవ్వం అంది శాఖ. ఆదాయం చూపించినవాళ్లకు క్రెడిట్ ఇవ్వాలి, కోసిన పన్నును ఎవరికీ జమ చేయకుండా ప్రభుత్వం దగ్గర ఉంచుకోవడం కుదరదు అంది కోర్టు. గుర్తుంచుకోవాల్సింది ఒకటే: ఆ సంస్థ గెలిచింది ఆదాయం తన లెక్కలో చూపించింది కాబట్టి. అద్దె చూపించకుండా పన్ను మాత్రం అడిగేవాళ్లకు ఈ తీర్పు అక్కరకు రాదు.

ఎఫ్‌డీ వడ్డీకి కూడా ఇదే కథ

ఇద్దరి పేర్ల మీద వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్లలో బ్యాంకు మామూలుగా మొదటి పేరు పాన్ కిందే టీడీఎస్ కోస్తుంది. డబ్బు నాన్నది, మొదటి పేరు మీది అయితే వడ్డీ మొత్తం మీ ఏఐఎస్‌లోకి వస్తుంది. అక్కడా ఇలాంటి డిక్లరేషనే మందు. సంతకం మొదటి పేరున్న మీదే. డిపాజిట్ వేసిన రోజే ఇచ్చేస్తే తర్వాత దిద్దుబాటు గొడవ ఉండదు.

కానీ ఒక హద్దుంది. కువైట్‌లో ఉన్న అన్న పంపిన డబ్బుతో అమ్మ తన పేరున ఎఫ్‌డీ వేసుకుంటే, అది కొడుకు అమ్మకిచ్చిన కానుక, వడ్డీ అమ్మదే. భర్త ఇచ్చిన డబ్బుతో భార్య వేస్తే మాత్రం ఆ వడ్డీ భర్త ఆదాయంలో కలుస్తుంది. పాన్ మార్చడమంటే ఇంట్లో ఎవరికి తక్కువ పన్ను పడుతుందో వాళ్ల పేరు ఎంచుకోవడం కాదు. ఆదాయం చట్టప్రకారం ఎవరిదో, క్రెడిట్ వాళ్ల వెంట వెళ్తుంది.

గడువు చూసుకోండి

ఇదివరకు కంపెనీలకు పాత రిటర్నులు దిద్దడానికి ఇంకా ఎక్కువ గడువు ఉండేది. 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన కొత్త ఆదాయ పన్ను చట్టంలో ఈ దిద్దుబాటుకు రెండేళ్లే గడువు. ఆ టీడీఎస్ రిటర్ను ఏ సంవత్సరంలో వేయాల్సి ఉందో, ఆ సంవత్సరం ముగిసిన దగ్గర్నుంచి లెక్క. ఇందులో ఒక మెలిక. 2024-25లో మొదటి మూడు క్వార్టర్ల రిటర్నులు అదే సంవత్సరంలో వేయాలి కాబట్టి వాటి గడువు 2027 మార్చి 31తో అయిపోతుంది. జనవరి-మార్చి క్వార్టర్ రిటర్ను వేయాల్సింది 2025 మేలో కాబట్టి దానికి 2028 మార్చి 31 వరకు ఉంది. ఒకే ఏడాది అద్దెకు రెండు గడువులన్నమాట.

ఇంకో విషయం, 2025 ఏప్రిల్ నుంచి అద్దె నెలకు 50,000 దాటితేనే టీడీఎస్ కోత. పిన్ని షాపుకు ఇప్పుడు టీడీఎస్సే లేదు. అయినా కంపెనీ రికార్డులో పాన్, బ్యాంకు ఖాతా రెండూ ఆమె పేరుకు మార్పించాం. రేపు అద్దె పెరిగితే మళ్లీ ఇదే పాట పాడలేం.

డిసెంబరు రెండో వారంలో పిన్ని ఫోన్ చేసింది. “అబ్బయా, ముప్పై ఆరు వేలు పడినట్టు మెసేజ్ వచ్చింది. ఇది నిజమైందేనా, ఆ మోసం మెసేజా?” ఎస్‌బీఐ బ్యాలెన్స్ చూసుకోమన్నాను. కాసేపాగి మళ్లీ చేసింది. నిజమైందే.

ఈ సాయంత్రం మీరూ ఒక పని చేయండి. మీ 26ఏఎస్ తెరిచి, మీకు తెలియని కంపెనీ పేరేదైనా ఉందేమో చూడండి. తర్వాత అమ్మ పాన్ కార్డు బీరువాలోంచి తీయించి, ఆమె 26ఏఎస్ కూడా తెరవండి. మీ దాంట్లో ఎక్కువగా ఉన్న లైను, ఆమె దాంట్లో లేని లైను ఒకటే అయితే, ఆ డిక్లరేషన్ మీద సంతకం పెట్టాల్సింది మీరే.